అన్‌పార్లమెంటరీ అనే బూతు

తెలుగువాడికి తిట్లలో దరిద్రం లేదు. గోదావరి జిల్లా తిట్టుకు సాగదీత ఉంది, సీమ తిట్టుకు పదును ఉంది, తెలంగాణ తిట్టుకు తూకం ఉంది. అమ్మను, అక్కను, పుట్టుకను, కులాన్ని, కట్టుకున్నవాణ్ణి, కట్టుకోనివాణ్ణి, దేన్నీ వదలకుండా తిట్టగల భాష మనది. ఇంత సంపదా బ్యాంకు కౌంటరు అద్దం మీద రోజూ ఉచితంగా డిపాజిట్ అవుతూనే ఉంటుంది. కానీ సాయంత్రం అదంతా రీజనల్ ఆఫీసు ఫైల్లోకి చేరేసరికి మిగిలేది ఒకే ఒక్క మాట. జిల్లాలు లేవు, యాసలు లేవు, అమ్మ లేదు, ఆలి లేదు. "కస్టమర్ అన్‌పార్లమెంటరీ లాంగ్వేజ్ ఉపయోగించారు." అంతే.

ఆ మాట కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ ఆయనకు బ్యాంకు గోడ మీద ఒక ఫోటో పెట్టాల్సిందే. చదివిన పై అధికారికి కోపం రాదు, రాసిన మేనేజరుకు సిగ్గు వేయదు, తిట్టినవాడికి నష్టం లేదు. తిట్లు తిన్న గుమాస్తా ఒక్కతికే, తాను విన్నది ఇదేనా అని అనుమానం వస్తుంది.

పార్లమెంటు పేరెత్తారు కాబట్టి అక్కడేం జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. లోక్‌సభలో సభ్యుడు నోరు జారితే ముందు రిపోర్టర్లు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంటారు. ఆ తర్వాతే స్పీకరు 380వ నిబంధన కింద దాన్ని రికార్డుల్లోంచి తొలగించమని ఆదేశిస్తారు. పైగా అలాంటి మాటలన్నిటినీ ఏరి, అచ్చువేసి, లోక్‌సభ సచివాలయం ఒక పుస్తకంగా సభ్యులకు పంచుతుంది. 2022లో ఆ పుస్తకం మీద ఎంత గొడవ జరిగిందో పత్రికలు చదివేవాళ్లకు గుర్తే ఉంటుంది. అంటే అన్‌పార్లమెంటరీ మాటను పార్లమెంటు సైతం ముందు రాస్తుంది, తర్వాత కొడుతుంది. రాయకముందే కొట్టేసే విద్య మన బ్యాంకులకు మాత్రమే పట్టుబడింది.

ఊరికే గాల్లో మాట్లాడకుండా ఒక సంఘటన వేసుకుందాం. కల్పించి చెబుతున్నదే. అయినా మండల కేంద్రాల్లో పనిచేసిన ఏ బ్యాంకు ఉద్యోగిని అడిగినా "ఇది మా బ్రాంచి గురించే రాశారు" అంటారు.

ప్రభుత్వ రంగ బ్యాంకు. రెండో శనివారం, ఆదివారం మూతపడి సోమవారం తెరిచారు కాబట్టి క్యూ గుమ్మం దాటి మెట్ల మీదికి వచ్చింది. మూడో నంబరు కౌంటర్లో ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాని అమ్మాయి. పదకొండున్నర దాటాక తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన క్యూను పక్కకు నెట్టి కౌంటరు ముందుకొచ్చాడు. తల్లి ఖాతాలో పడాల్సిన ప్రభుత్వ పథకం డబ్బు పడలేదు. ఆ డబ్బు ఆధార్ నంబరు మీద వస్తుంది. చాలామందికి తెలియని కీలకం ఒకటి ఇక్కడుంది. అలాంటి సొమ్ము పాస్‌బుక్‌లోని ఖాతా నంబరు చూసుకుని రాదు. ఎన్‌పీసీఐ దగ్గరున్న జాబితాలో ఆ ఆధార్‌కు చివరిసారిగా ఏ బ్యాంకు జతపడి ఉందో అక్కడికి వెళుతుంది. ఎవరో బజార్లో గొడుగు వేసుకుని కూర్చుని, వేలిముద్ర వేయించుకుని ఆ తల్లికి ఇంకో ఖాతా తెరిచి ఉంటారు. డబ్బు అక్కడ హాయిగా కూర్చుని ఉంటుంది. మూడో కౌంటర్లో అమ్మాయికి తన తెర మీద కనిపించేది మాత్రం ఒక్కటే: ఈ ఖాతాలో జమ లేదు.

తర్వాత అయిదు నిమిషాలు హాలంతా విన్నది. ఆ సాయంత్రం మేనేజరు గారు రీజనల్ ఆఫీసుకు పంపిన నివేదిక ఇలా నడిచింది:

"పథకం సొమ్ము జమ విషయమై సదరు కస్టమర్ స్వల్ప ఆవేశమునకు లోనై అన్‌పార్లమెంటరీ లాంగ్వేజ్ ఉపయోగించగా, మా సిబ్బంది మిక్కిలి ఓర్పుతో సవినయముగా నచ్చజెప్పడమైనది. విషయము సామరస్యముగా పరిష్కరించబడినది."

ఈ రెండు వాక్యాల పనితనాన్ని కాస్త ఆగి మెచ్చుకోవాలి. ఆవేశానికి ఆయన "లోనయ్యాడు", అంటే పాపం ఆవేశమే వచ్చి ఆయన మీద పడింది. నచ్చజెప్పడం "అయినది", ఎవరు చెప్పారో తెలియదు. పరిష్కారం "బడినది", ఎక్కడ పడిందో కనపడదు. ఇందులో తిట్టినవాడు లేడు, తిట్టు లేదు, తిట్లు తిన్న మనిషి లేదు. బాత్రూములోకి వెళ్లి ఇరవై నిమిషాలు బయటికి రాని అమ్మాయి అసలే లేదు. ఇంత మంచి నివేదిక చదివాక ఎవరికైనా అనిపించేది ఒకటే, ఇలాంటి కస్టమర్లు ఇంకా నలుగురుంటే బాగుండునని.

ఇప్పుడు అదే సంఘటనను, ఆ అమ్మాయి ఆ సాయంత్రం ఇంటికి వెళ్లకముందే ఒక తెల్లకాగితం మీద రాసి ఉంటే ఎలా ఉండేదో చూడండి.

"సోమవారం ఉదయం సుమారు 11.40. నేను మూడో కౌంటర్లో ఉన్నాను. పేరు, ఖాతా నంబరు పాస్‌బుక్‌లో చూశాను, కింద రాస్తున్నాను.

ఆయన: మా అమ్మ డబ్బులు పడ్డాయా లేదా?

నేను: ఈ ఖాతాలో పడలేదండీ. ఆధార్ వేరే బ్యాంకుకి లింకై ఉండొచ్చు.

ఆయన: లింకు చేయించింది ఇక్కడే. సరిగ్గా చూడు.

నేను: చూశానండీ. అది మా చేతిలో లేదు. పక్క కౌంటర్లో అడగండి. (పాస్‌బుక్ ఆయన వైపు తోశాను. కొంచెం విసురుగానే తోశాను.)

ఆయన: ఏమే, ఎవరనుకుని మాట్లాడుతున్నావే? మా డబ్బులతో జీతాలు తింటూ మాకే కబుర్లు చెప్తారా? దొంగముండా! సాయంత్రం బస్సు ఎలా ఎక్కుతావో చూస్తా.

నేను: మర్యాదగా మాట్లాడండి. ఇలా మాట్లాడితే మీ పని చెయ్యను.

ఆయన: చెయ్యకపోతే నీ ఉద్యోగం ఉండదే. (అద్దం మీద అరచేత్తో రెండుసార్లు కొట్టారు.)

క్యాషియర్ గారు లేచి వచ్చి 'సార్, వదిలెయ్యండి' అన్నారు. గార్డు తలుపు దగ్గరే ఉన్నారు. మేనేజరు గారు వచ్చి ఆయన్ని తన గదిలోకి తీసుకెళ్లి టీ తెప్పించారు. నేను కౌంటరు మూసి లోపలికి వెళ్లాను. ఇరవై నిమిషాల తర్వాత తెరిచాను. విన్నవాళ్లు: క్యాషియర్ గారు, రెండో కౌంటరు గుమాస్తా, క్యూలో ముందున్న ఇద్దరు కస్టమర్లు. వాళ్ల పేర్లు కింద రాశాను. సుమారుగా గుర్తున్న మాటలకు 'సుమారు' అని పక్కన రాశాను. మిగతావి అన్నవి అన్నట్టే."

ఈ కాగితం మర్యాదస్తులకు చదవడానికి కష్టంగా ఉంటుంది. కష్టంగా ఉండాలి కూడా. వినడం ఇంకెంత కష్టమైందో ఎవరూ అడగలేదు.

మేనేజరు గారికి ఈ కాగితం చూపిస్తే ఆయన మొదట అనే మాట, "అమ్మా, అసలు మాట రాయక్కర్లేదు, అసభ్యంగా మాట్లాడాడు అంటే చాలదా?" చాలదు. చాలదని నేను చెప్పడం కాదు, సుప్రీం కోర్టే చెప్పింది. 2025 జనవరిలో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో, ఒక ఉద్యోగిని తన మీద "అసహ్యకరమైన భాష" వాడారని ఫిర్యాదు చేసింది. ఆ మాటలేమిటో, ఏ సందర్భంలో అన్నారో కాగితాల్లో లేదు. ఉత్తినే అసహ్యకరమైన భాష అంటే స్త్రీ గౌరవాన్ని కించపరిచే ఉద్దేశం రుజువైనట్టు కాదని కోర్టు ఆ కేసు కొట్టేసింది. 2022లో తమిళనాడు నుంచి వచ్చిన మరో కేసులోనూ అంతే. బహిరంగ స్థలంలో బూతులాడాడన్న ఆరోపణ ఉంది, బూతు మాత్రం రికార్డులో ఎక్కడా లేదు. బూతు లేని బూతు కేసు నిలబడలేదు.

ఆ జనవరి తీర్పు వెంటనే, 2025 ఫిబ్రవరిలో మన సికింద్రాబాదులోని ఒక కేంద్ర సంస్థలో పుట్టిన కేసు వచ్చింది. పై అధికారి గట్టిగా కేకలేశాడన్నది ఫిర్యాదు. కసురుకోవడం, మర్యాద తప్పి మాట్లాడటం వాటంతటవే నేరం కావనీ, శాంతిభంగానికి రెచ్చగొట్టేంత ఉద్దేశపూర్వక అవమానం ఉండాలనీ కోర్టు అంది. సబబే. ప్రతి కసురుకూ కేసు పెట్టుకుంటూ పోతే దేశంలో సగం ఆఫీసులు, ముప్పాతిక కాపురాలు జైల్లోనే నడవాలి. కానీ ఈ మూడు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుంటే తేలేదేమిటి? కసురుకూ నేరానికీ మధ్య గీత ఉంది, ఆ గీత ఎక్కడ దాటాడో చెప్పగలిగింది అన్న మాట ఒక్కటే. ఆ మాటను మర్యాద కోసం చెరిపేస్తే గీత కూడా దాంతోపాటే చెరిగిపోతుంది.

మూడో కౌంటరు కాగితానికి తిరిగి వద్దాం. ఆయన ఒకే ఊపులో అన్న మాటల్లో మూడు వేరువేరు సరుకులున్నాయి. "మా డబ్బులతో జీతాలు తింటూ" అన్నది మోటు మాటే గానీ నేరం కాదు, పౌరుడి ఉక్రోషం. దాన్ని బ్యాంకు మింగాలి. మన దేశంలో పని కాని మనిషికి ఆ మాత్రం అనే హక్కు లేకపోతే క్యూలో ఊపిరి కూడా ఆడదు. "ఏమే", "దొంగముండా" అన్నవి వేరు. ఆడమనిషిని ఆడమనిషిగా చేసుకుని తిట్టినవి. భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షను చూసేది అక్కడే. కోర్టు ఒప్పుకుంటుందో లేదో తర్వాతి సంగతి, ఆ ప్రశ్న అడగాలంటే ఆ మాట కాగితం మీద ఉండాలి. ఇక "సాయంత్రం బస్సు ఎలా ఎక్కుతావో చూస్తా" అన్నది అసలు తిట్టే కాదు, అందులో ఒక్క చెడ్డ మాట లేదు. అన్నిటికన్నా భయపడాల్సింది అదే. అది బెదిరింపు, 351వ సెక్షను సరుకు. మేనేజరు గారి "అన్‌పార్లమెంటరీ" గంపలో ముందుగా మాయమయ్యేది కూడా అదే, ఎందుకంటే అందులో పార్లమెంటులో అనకూడని మాటేదీ లేదు కదా.

కులం పేరు పెట్టి తిట్టినప్పుడైతే ఈ తేడా ఇంకా ప్రాణాంతకం. దళితుడైన, గిరిజనుడైన ఉద్యోగిని నలుగురి ముందు కులం పేరుతో తిడితే అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. బ్యాంకు హాలు కన్నా నలుగురూ ఉండే చోటు ఏముంటుంది? కానీ నివేదికలో "వ్యక్తిగత దూషణ చేశారు" అని రాస్తారు. కులం వ్యక్తిగతమట! ఊరంతటికీ తెలిసిన సంగతి నివేదిక దగ్గరకొచ్చేసరికి పరమ రహస్యమవుతుంది.

కొంతమంది మధ్యేమార్గం తొక్కుతారు. మొదటి అక్షరం రాసి, చివరి అక్షరం రాసి, నడుమ చుక్కలు పెడతారు. ఖాళీలు పూరించమని మెజిస్ట్రేటుకు పరీక్ష పెట్టినట్టు! ఇంకొందరు ఇంగ్లీషులోకి మారుస్తారు. ఇంగ్లీషులోకి వెళ్లగానే నువ్వు, మీరు, ఏమే, ఒసేయ్, ఏరా అన్నీ ఒకే మాటగా తేలిపోతాయి. తిట్టులో విషమంతా ఆ "ఏమే"లో ఉందని తెలుగు చదివినవాడికి తెలుస్తుంది, హెడ్డాఫీసులో ఏ భాషవాడికీ తెలియదు. అందుకని మాట ఏ భాషలో వచ్చిందో ఆ భాషలోనే, ఆ లిపిలోనే, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి రాయాలి. దాన్ని పైవాళ్లకు అర్థం చేయించే శ్రమ పైవాళ్లు పడతారు. జీతాలు వాళ్లవి పెద్దవి.

అమ్మాయి కాగితంలో మేనేజరు గారికి ఇంకో అభ్యంతరం కూడా ఉంది, నా లెక్కలో అసలైనది అదే. "పాస్‌బుక్ విసురుగా తోశానని ఎందుకు రాశావమ్మా? 'పక్క కౌంటర్లో అడగండి' అన్నది తీసెయ్. 'మీ పని చెయ్యను' అన్నది అసలే వద్దు. మనల్ని మనమే పట్టిచ్చుకుంటామా?"

బ్యాంకు నివేదికల్లో సిబ్బంది ఎప్పుడూ బుద్ధ భగవానుడికి మేనల్లుళ్లు. వాళ్లు విసుక్కోరు, గొంతు పెంచరు, లంచ్ అవర్ అని బోర్డు తిప్పరు. కస్టమరు ఒక్కడే ఏ కారణమూ లేకుండా, పొద్దున్నే లేచి, స్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకుని తిట్టడానికే బ్యాంకుకు వస్తాడు. ఇలాంటి కథ పోలీసులు నమ్మరు, కోర్టు నమ్మదు, తోటి కస్టమరు కడుపు పట్టుకుని నవ్వుతాడు.

పైగా పైన కెమెరా ఉంది. బ్యాంకు కెమెరాకు సాధారణంగా కళ్లుంటాయి గానీ చెవులుండవు. ఆయన అన్న "దొంగముండా" దానికి వినపడదు, ఈమె పాస్‌బుక్ తోసింది మాత్రం కనపడుతుంది. అంటే మీ నివేదిక అబద్ధమాడిన చోట కెమెరా నిజం చెబుతుంది, నిజం చెప్పిన చోట మూగబోతుంది. రేపు ఆయన వకీలు ఆ ఒక్క తోపు చూపించి "ఇదేనా మిక్కిలి ఓర్పు?" అని అడిగితే, ఆ కాగితంలో నిజమైన మాటలు కూడా అబద్ధాల ఖాతాలోకే పోతాయి. తాను తోశానని ముందే రాసుకున్న మనిషిని ఆ ప్రశ్న ఏమీ చేయలేదు. కస్టమర్ల సెల్‌ఫోను వీడియోల సంగతీ ఇంతే, అవి ఎప్పుడూ ఉద్యోగి జవాబు దగ్గరే మొదలవుతాయి. ఆ జవాబుకు ముందు ఏం జరిగిందో చెప్పగలిగింది ఉద్యోగి రాసిన కాగితం ఒక్కటే, అందులో జవాబు కూడా ఉంటేనే.

ఆ జవాబు రాయడం వల్ల ఇంకో లాభం ఉంది గానీ దాని మీద ఏ ఆఫీసుకూ ఆసక్తి లేదు. "పక్క కౌంటర్లో అడగండి" అన్న మూడు ముక్కలు అక్కడ అగ్గి పుట్టించాయి. పక్క కౌంటరుకూ తెలియదని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. దాని బదులు, ఆధార్ సంస్థ వారి మైఆధార్ సైటులోకి వెళితే ఆ నంబరు ఏ బ్యాంకుకు జతపడి ఉందో కనిపిస్తుందని ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆయన ఆ బ్యాంకు మీదకు వెళ్లి తిట్టుకునేవాడు. ఆ వాక్యం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇన్సూరెన్సు ఎలా అంటగట్టాలో మాత్రం మూడు రోజులు శిక్షణ ఇచ్చి ఉంటారు. తిట్ల నివేదికలన్నీ నిజాయితీగా రాస్తే, ఏ ప్రశ్న దగ్గర ఏ జవాబుకు జనం ఒళ్లు మండుతోందో నెల తిరక్కుండా తెలిసిపోతుంది. తెలిస్తే సరిచేయాలి. అందుకే తెలియకపోవడం మేలు.

సరే, కాగితం రాసింది, పోలీస్ స్టేషనుకు వెళ్లిందనుకుందాం. అక్కడ మొదటి ప్రశ్న, "కొట్టాడా?" కొట్టలేదు. "మరింకేంటమ్మా?" ఎస్సై గారి ప్రశ్నలో హేళన ఉన్నా చట్టం కూడా కొంత ఉంది. ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగి చట్టం దృష్టిలో పబ్లిక్ సర్వెంటే. విధి నిర్వహణలో ఉండగా మీద పడితే 132వ సెక్షను ఉంది. కానీ దానికి దౌర్జన్యమో బలప్రయోగమో ఉండాలి. ఉత్త మాటలు దౌర్జన్యం కావని ఆ చట్టమే వివరణలో రాసుకుంది. కాబట్టి 132 అని అరిచి లాభం లేదు. ఆయన అన్న మాటలనూ, అన్న తీరునూ, అద్దం మీద కొట్టిన దెబ్బలనూ కలిపి చూపిస్తేనే ఎస్సై గారి పెన్ను కదులుతుంది. ఫలానా సెక్షను వేయమని ఫిర్యాదులో రాయడం కన్నా ఫలానా మాట అన్నాడని రాయడమే గట్టిది. సెక్షన్లు వెతుక్కోవడం వాళ్ల ఉద్యోగం.

ప్రైవేటు బ్యాంకు ఉద్యోగుల విషయంలో మన చట్టం ఇంకా రసికత చూపించింది. బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 46ఎ అనే సెక్షను ఉంది. దాని ప్రకారం ప్రైవేటు బ్యాంకు ఉద్యోగి కూడా లంచాల విషయానికి వచ్చేసరికి పబ్లిక్ సర్వెంటే. సికింద్రాబాదు కేంద్రంగా వెలిగి ఆరిపోయిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు పెద్దల కేసులో 2016లో సుప్రీం కోర్టు ఈ సెక్షను ఆసరాగానే వాళ్లకు అవినీతి నిరోధక చట్టం వర్తిస్తుందని తేల్చింది. మంచిదే. కానీ ఆ హోదా అంతవరకే. అంటే ప్రైవేటు బ్యాంకు గుమాస్తా చెయ్యి చాపితే ప్రభుత్వ సేవకుడు, అదే చేతిని ఎవడైనా విరిచేస్తే మామూలు మనిషి.

ఇక రీజనల్ ఆఫీసు. అక్కడి నుంచి ఫోను వస్తుంది. అమ్మాయి ఎలా ఉందని కాదు. "ఆయన డిపాజిట్లు ఎంతున్నాయి?" అని. మన బ్యాంకుల్లో తిట్టే హక్కుకు కూడా మినిమం బ్యాలెన్సు ఉంది. వెయ్యి రూపాయల ఖాతాదారు గొంతు పెంచితే గార్డు కదులుతాడు, నలభై లక్షల ఖాతాదారు పెంచితే టీ కదులుతుంది. తర్వాత అమ్మాయికి ఒక మెమో: కస్టమరును ఆవేశపడనివ్వడానికి కారణాలేమిటో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. మెమోలో మాత్రం ప్రతి మాటా ఖచ్చితంగా ఉంటుంది. తేదీ, టైము, కౌంటరు నంబరు, "మీ పని చెయ్యను" అన్న ముక్క కూడా, కొటేషన్ గుర్తులతో సహా. బ్యాంకుకు మాటలు ఉన్నవున్నట్టు రాయడం రాదనుకున్నాం. వచ్చు, ఎవరి మాటలన్నదే తేడా.

ఆ వరుసలో చివరి ఘట్టం రాజీ. సర్పంచి గారి తమ్ముడు, పార్టీ మండల నాయకుడు, ఇంకో రెండు తెల్ల చొక్కాలు మేనేజరు గదిలో చేరతారు. "చిన్నపిల్ల, పెద్దాయన, ఏదో మాట దొర్లింది." దొర్లిన మాట ఏమిటో గదిలో ఎవరూ ఉచ్చరించరు, ఆడపిల్ల ముందు ఎలా అంటారు, వాళ్లు సంస్కారవంతులు! అదే పిల్లను అదే మాట హాలంతా వినేట్టు అన్నప్పుడు ఆ సంస్కారం ఏ బస్సెక్కి వెళ్లిందో. ఆ గదిలో అమ్మాయి తన కాగితం తీసి, గొంతు వణికినా సరే, ఉన్నదున్నట్టు చదివితే చాలు, సగం తెల్ల చొక్కాలు లేచి వెళ్లిపోతాయి. అసలు మాట దాచింది అమ్మాయి పరువు కోసం కాదని, తమ పరువు కోసమని వాళ్లకు తెలుసు.

బ్యాంకు యాజమాన్యాలు మరిచిపోయినట్టు నటించే సంగతి మరొకటి ఉంది. పని స్థలంలో స్త్రీల మీద లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. ఆ పోస్టరు ప్రతి బ్రాంచిలో లంచ్ గదిలో వాటర్ ఫిల్టరు పక్కన అతికించి ఉంటుంది. ఆ చట్టం 19వ సెక్షను ప్రకారం, పని స్థలానికి వచ్చిపోయే బయటివాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని విధి. అలా వేధించినవాడు ఉద్యోగి కాకపోయినా, ఆమె కోరితే, వాడి మీద క్రిమినల్ చర్య మొదలుపెట్టించాల్సింది యజమానే. కస్టమరు లైంగికంగా కూడని మాట ఒక్కటి అన్నాడంటే పోలీస్ స్టేషను మెట్లెక్కాల్సింది ఆ అమ్మాయి ఒంటరిగా కాదు, బ్యాంకు. ఆ మాట అలాంటిదో కాదో తేలాలన్నా మళ్లీ అదే కాగితం కావాలి. చట్టంలో యజమాని విధి రాసి ఉంది, వేధించినవాడి ఫిక్సెడ్ డిపాజిట్ ఎంతుండాలో రాసి లేదు.

కాబట్టి కౌంటర్ల వెనక కూర్చున్న అన్నలకూ అక్కలకూ నా మనవి ఇది. ఆ సాయంత్రమే రాయండి, పొద్దున్నకు మాటలు మెత్తబడతాయి, మనసు సర్దుకుంటుంది, ఇంట్లోవాళ్లు వద్దంటారు. ఆయన అన్నది రాయండి, మీరు అన్నది కూడా రాయండి, విన్నవాళ్ల చేత సంతకం పెట్టించండి. ఆ రోజు కెమెరా రికార్డింగు చెరిగిపోకుండా దాచమని విడిగా ఒక ఉత్తరం ఇవ్వండి, ఎందుకంటే కొన్నాళ్లకు దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. రేపు కోర్టులో అది పనికి రావాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ధ్రువపత్రం కూడా బ్యాంకే ఇవ్వాలి. రెంటికీ ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని నకలు ఇంటికి తీసుకెళ్లండి. మేనేజరు గారు "ఆ మాట తీసెయ్యమ్మా, బాగుండదు" అంటే ఒప్పుకోండి. ఏ మాట తీసెయ్యమంటున్నారో ఆ మాటను ఆయన చేత్తోనే కాగితం మీద రాసి, "ఇది తొలగించవలెను" అని సంతకం పెట్టి ఇవ్వమనండి.